ప్రవర్తన క్లాజు చూపి బ్రాండు ఒప్పందం రద్దు చేసి, డబ్బు ఆపేస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

కడప, అనంతపురం, కర్నూలు వైపు ఆటగాళ్లతోనూ రీల్స్ చేసేవాళ్లతోనూ ఒప్పందాలు రాసుకునేది ఎక్కువగా బంగారు దుకాణాలు, బట్టల షోరూములు, నూనె, బియ్యం వ్యాపారులు. అగ్రిమెంటు కాగితం మాత్రం ఎక్కడో పెద్ద కంపెనీ కోసం రాసిన నమూనా. పేరు, మొత్తం, తేదీ మార్చి సంతకాలు పెట్టేస్తారు. అందులో ఏడో ఎనిమిదో పేజీలో ఉండే ప్రవర్తన క్లాజును చదివేది గొడవ వచ్చాకే.

ఈ పేజీలో మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ వాడుతున్నాం. అది కల్పితం, అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. ప్రొద్దుటూరులో ఒక నగల దుకాణం కడపకు చెందిన ఒక క్రికెటర్‌తో ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 12 లక్షల ఒప్పందం చేసుకుంది. ఆ కుర్రాడికి ఆట కంటే ఇన్‌స్టాగ్రామ్ వల్లే పేరెక్కువ. ప్రకటన షూటింగు ఒకటికి 2,40,000, నెలకు రెండు చొప్పున 24 రీల్స్‌కు ఒక్కోటి 30,000, షాపుకు నాలుగుసార్లు వచ్చి కనబడినందుకు ఒక్కోసారి 60,000 అని షెడ్యూలులో విడివిడిగా రాసుకున్నారు. సంతకం రోజున 2,40,000, ఆ తర్వాత ప్రతి మూడు నెలల చివర 2,40,000 చొప్పున చెల్లింపు. సెప్టెంబరు 10న ఆ కుర్రాడు 2023లో ఒక బెట్టింగ్ యాప్ గురించి చేసిన పాత వీడియోను ఎవరో బయటికి తీశారు. 18న దుకాణం నుంచి వాట్సాప్ వచ్చింది: "అగ్రిమెంటు క్యాన్సిల్. ఇకమీద పేమెంట్ ఉండదు. అడ్వాన్సు వాపసు చేయండి."

ప్రవర్తన క్లాజు అంటే ఏమిటి? అన్ని ఒప్పందాల్లోనూ ఉంటుందా?

డబ్బిచ్చి ఒకరి ముఖాన్ని, పేరును వాడుకునే వ్యాపారి, ఆ పేరు చెడితే తప్పుకోవడానికి పెట్టుకునే నిబంధన ఇది. 1921లో రాస్కో ఆర్బకుల్ అనే నటుడి మీద కేసు వచ్చినప్పుడు హాలీవుడ్‌లో యూనివర్సల్ కంపెనీ తన నటుల ఒప్పందాల్లో ఇలాంటి క్లాజు చేర్చింది. అక్కడి నుంచి ఆటలకూ, ఇప్పుడు రీల్స్‌కూ పాకింది. మన చట్టాల్లో ఏదీ ఈ క్లాజును ఎవరికీ ఉచితంగా ఇవ్వదు. కాగితంలో రాసి ఉంటేనే ఉన్నట్టు, ఎంత రాస్తే అంతే. రాయకపోతే బ్రాండు మామూలు కాంట్రాక్టు చట్టం మీదే ఆధారపడాలి. అది దానికి చాలా కష్టమైన దారి.

ఎఫ్ఐఆర్ లేదు, అరెస్టు లేదు. వీడియో వైరల్ అయిందంతే. దానికే రద్దు చేయొచ్చా?

దీనికి జవాబు క్లాజులో వాడిన క్రియాపదంలో ఉంటుంది. "నేరం రుజువై శిక్ష పడితే" అని రాసి ఉంటే, వైరల్ వీడియోతో రద్దు కుదరదు. "ఎఫ్ఐఆర్ నమోదైతే లేదా అరెస్టయితే" అని ఉంటే పోలీసు కాగితం కావాలి. విచారణకు రమ్మని వచ్చిన నోటీసు ఎఫ్ఐఆర్‌తో సమానం కాదు, ఈ రెండింటినీ బ్రాండు మేనేజర్లు తరచూ కలిపేస్తారు. "బ్రాండు పేరుకు భంగం కలిగించే పని చేస్తే" అని ఉంటే పోలీసులతో పని లేదు, కానీ భంగం కలిగిందని బ్రాండు చూపాలి. అన్నిటికన్నా వెడల్పైనది "భంగం కలుగుతుందని బ్రాండు భావిస్తే" అనే మాట. ఇక్కడ బ్రాండు అభిప్రాయమే చాలన్నట్టు కనిపిస్తుంది.

కనిపించినంత సులువు కాదు. అమెరికాలో ఫుట్‌బాల్ ఆటగాడు రషార్డ్ మెండెన్‌హాల్ 2011 మేలో, బిన్ లాడెన్ చనిపోయినప్పుడు జనం సంబరాలు చేసుకోవడాన్ని ప్రశ్నిస్తూ ట్వీట్లు పెట్టాడు. చాంపియన్ బట్టల బ్రాండు ఉన్న హేన్స్‌బ్రాండ్స్ కంపెనీ కొద్ది రోజుల్లోనే ప్రవర్తన క్లాజు చూపి ఒప్పందం రద్దు చేసింది. అతను కోర్టుకెళ్లాడు. కేసును మొదట్లోనే కొట్టేయమని కంపెనీ అడిగితే 2012లో కోర్టు ఒప్పుకోలేదు. క్లాజు ఇచ్చిన హక్కును కూడా న్యాయబుద్ధితోనే వాడాలని, జనంలో నిజంగా అంత వ్యతిరేకత వచ్చిందా అన్నది తేల్చాల్సిన వాస్తవమని చెప్పింది. తర్వాత ఇద్దరూ బయట రాజీపడ్డారు. ఆ తీర్పు మన కోర్టులకు శాసనం కాదు. అయినా మన దగ్గర మధ్యవర్తి ముందు కూర్చున్నా అడిగే ప్రశ్న అదే: ఏ పని, ఏ తేదీన, ఏ క్లాజు కిందికి వస్తుంది, దానికి రుజువేమిటి? రద్దు చేసినవాళ్లే దీనికి జవాబివ్వాలి.

మన ఉదాహరణలో దుకాణం భయం మాత్రం ఉత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రకటన చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా అని 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం చెబుతోంది. అదే ఏడాది మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌లు ప్రమోట్ చేసిన నటుల మీద, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పడ్డాయి. కాబట్టి "ఇది చిన్న విషయం" అనే వాదన మీద బరువు పెట్టకండి. నిలబడే వాదనలు వేరే ఉన్నాయి.

ఆ వీడియో అగ్రిమెంటుకు ముందుది కదా?

ఇది వాటిలో మొదటిది. మన ఉదాహరణలో క్లాజు "ఒప్పంద కాలంలో ఎండార్సర్ చేసే ఏ పనైనా" అని మొదలవుతుంది. ఎండార్సర్ అంటే బ్రాండుకు ప్రచారం చేసే మనిషి, ఇక్కడ ఆ కుర్రాడు. 2023లో చేసిన పని ఒప్పంద కాలంలో చేసింది కాదు, బయటపడడం మాత్రమే ఇప్పుడు జరిగింది. క్లాజు "పని" అంటే పాత వీడియో దాని పరిధిలోకి రాదు. "పరిస్థితిలో చిక్కుకుంటే", "వెలుగులోకి వస్తే" అంటే వస్తుంది.

కానీ అక్కడితో ఆగకుండా హామీల పేజీ కూడా చూడాలి. "బ్రాండుకు చెడ్డపేరు తెచ్చే పని గతంలో ఏదీ చేయలేదని ఎండార్సర్ ధ్రువీకరిస్తున్నాడు" అనే వాక్యం అక్కడ ఉంటే, ప్రవర్తన క్లాజు లేకపోయినా తప్పుడు హామీ కింద బ్రాండు తప్పుకోవచ్చు. ఇక్కడ తేలాల్సింది ఒకటే: సంతకానికి ముందు బ్రాండుకు ఆ వీడియో తెలుసా? ఏజెన్సీ పాత కొల్లాబ్‌ల జాబితా అడిగి, మీరు మెయిల్‌లో పంపి ఉంటే, అందులో ఆ యాప్ పేరు ఉంటే, ఆ మెయిలే మీ బలం. జూలైలోనే దుకాణం వాళ్లకు తెలిసి, ఆ తర్వాత కూడా మీతో మూడు రీల్స్ చేయించుకుని ఉంటే అదీ మీవైపే పనిచేస్తుంది. తెలిసీ ఒప్పందాన్ని కొనసాగించినవాళ్లు అదే కారణం మళ్లీ ఎత్తుకోవడం కష్టం.

వాట్సాప్‌లో "క్యాన్సిల్" అంటే చెల్లుతుందా?

నోటీసుల క్లాజు చూడండి. మెయిలు ద్వారా, లేదా ఫలానా చిరునామాకు పోస్టు ద్వారా అని ఉంటుంది. వాట్సాప్ అని ఉండడం అరుదు. మన ఉదాహరణలో ఇంకొకటి ఉంది: "7 రోజుల రాతపూర్వక నోటీసిచ్చి, వివరణ తీసుకున్న తర్వాత." ఆ ఏడు రోజులూ ఇవ్వలేదు, వివరణా అడగలేదు. క్లాజులో చెప్పిన మెట్లు ఎక్కకుండా చేసిన రద్దును ఆ క్లాజు కింద చేసిన రద్దుగా నిలబెట్టుకోవడం బ్రాండుకు చాలా కష్టం.

అయితే ఒక జాగ్రత్త. లాయరును కలిశాక బ్రాండు ఈ తప్పును దిద్దుకోవచ్చు. కొత్తగా ఏడు రోజుల నోటీసు పంపి, మీ జవాబు తీసుకుని, మళ్లీ రద్దు చేయవచ్చు. అప్పుడు రద్దు తేదీ సెప్టెంబరు 18 నుంచి అక్టోబరుకు జరుగుతుంది. ఈ మధ్యలో సెప్టెంబరు 30 వాయిదా గడువు దాటుతుంది. అందుకే తేదీల గొడవ ఉత్త సాంకేతికం కాదు, ఒక వాయిదా ఖరీదు చేస్తుంది. రెండో నోటీసు వస్తే "ఇదివరకే చెప్పాం కదా" అని వదిలేయకుండా గడువులోపు మళ్లీ జవాబివ్వండి.

రద్దు అనలేదు. "హోల్డ్‌లో పెట్టాం" అన్నారు. తేడా ఉందా?

ఉంది. 2019లో హార్దిక్ పాండ్యా టీవీ కార్యక్రమంలో చేసిన వ్యాఖ్యల మీద గొడవ వచ్చినప్పుడు జిల్లెట్ అతనితో అనుబంధాన్ని నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. అలా నిలిపివేసే హక్కు మీ కాగితంలో ఉందా, ఎన్నాళ్లు, ఆ కాలంలో డబ్బు ఆగుతుందా అన్నది చూడాలి. లేని పక్షంలో, మీరు పని చేయడానికి సిద్ధంగా ఉండగా వాళ్లు పని తీసుకోకుండా, డబ్బివ్వకుండా ఉండడం వాళ్ల ఉల్లంఘనే అవుతుంది. హోల్డ్ కాలంలో పోటీ నగల దుకాణానికి పని చేయకూడదన్న షరతు మీ మీద ఇంకా ఉంటుందని మరచిపోకండి. అందుకే తేదీ అడగండి: "ఎప్పటివరకు? ఆ తేదీ తర్వాత నేను వేరే దుకాణంతో మాట్లాడుకోవచ్చా?" ఈ రెండు ప్రశ్నలకూ మెయిల్‌లో జవాబు రప్పించుకుంటే చాలా మేలు.

చేసిన పనికైనా డబ్బు వస్తుందా?

రావాలి. సరైన రద్దే అయినా, అది సాధారణంగా ముందుకు జరగబోయే పనిని ఆపుతుంది. చేసి అప్పగించి, వాళ్లు ఆమోదించి వాడుకున్న పనికి బకాయిని చెరపదు. "రద్దయితే చెల్లించని మొత్తమంతా రద్దు" అని స్పష్టంగా రాసిన ఒప్పందాలు కొన్ని ఉంటాయి, అప్పుడు వాదన కష్టమవుతుంది. అది లేకపోతే లెక్క ఇలా సాగుతుంది.

సెప్టెంబరు 18 నాటికి మన కుర్రాడు షూటింగు ముగించాడు: 2,40,000. రీల్స్ 11 ఇచ్చాడు: 3,30,000. షాపుకు రెండుసార్లు వెళ్లాడు: 1,20,000. మొత్తం 6,90,000. అందింది సంతకం రోజు 2,40,000, జూన్ 30న 2,40,000, అంటే 4,80,000. తేడా 2,10,000. ఇదే అతనికి కచ్చితంగా రావాల్సిన బకాయి.

ఇక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి. ఆటగాడు "సెప్టెంబరు వాయిదా 2,40,000 నాది" అని అడుగుతాడు. రద్దు నిలబడితే వాయిదా కాదు, చేసిన పని విలువే లెక్క. దుకాణం "సెప్టెంబరు 30 రాకముందే రద్దు చేశాం, కాబట్టి సున్నా" అంటుంది. వాయిదా తేదీ డబ్బు ఎప్పుడివ్వాలో చెప్పేది, చేసిన పనికి డబ్బు రావాలా వద్దా అని చెప్పేది కాదు. షెడ్యూలులో పనికి విడిగా ధర రాసి ఉండడం వల్లే ఈ లెక్క ఇంత సులువుగా తేలింది. "ఏడాదికి 12 లక్షలు" అని ఒకే ముద్దగా రాసి ఉంటే, కాలాన్ని బట్టి పంచాలా, పనిని బట్టి పంచాలా అన్న గొడవతోనే నెలలు గడుస్తాయి.

ఆమోదం రుజువు చేయగలగాలి. రీలు డ్రాఫ్టు పంపిన తేదీ, "ఓకే సార్, పోస్ట్ చేయండి" అన్న మెసేజ్, పోస్టు లింకు, ఇన్‌సైట్స్ స్క్రీన్‌షాట్ నాలుగూ ఒక్కో రీలుకు ఒక వరుసలో పట్టికగా పెట్టుకోండి. షాపుకు వెళ్లిన రోజులకు ఫొటో చాలు.

మిగతా ఆరు నెలల డబ్బు?

రద్దు తప్పని తేలితేనే. అప్పుడు కూడా మిగిలిన 5,10,000 మొత్తం చేతికి రాదు. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం వచ్చేది నిజంగా జరిగిన నష్టం. చేయాల్సిన అవసరం తప్పిన ఖర్చు తీసేయాలి: 13 రీల్స్‌కు కెమెరా, ఎడిటింగు 6,000 చొప్పున 78,000, రెండు ప్రయాణాలకు 12,000. మిగిలేది 4,20,000. నష్టాన్ని తగ్గించుకోవడానికి మీరేం చేశారన్నదీ చూస్తారు. ఒప్పందం పోయింది కాబట్టే వేరే నగల దుకాణానికి పని చేసి 1,50,000 సంపాదిస్తే అదీ తీసేస్తారు. 2,70,000 మిగులుతుంది. పాత బకాయితో కలిపి 4,80,000.

ఇప్పుడు చాలామంది చూడని క్లాజు. "ఏ పక్షమైనా కారణం చెప్పకుండా 30 రోజుల నోటీసుతో ఒప్పందం ముగించవచ్చు" అని ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఉంటే కథ మారిపోతుంది. ఇండియన్ ఆయిల్, అమృత్‌సర్ గ్యాస్ సర్వీస్ కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇదే చూసింది: 30 రోజుల నోటీసుతో ముగించగల ఒప్పందాన్ని తప్పుగా రద్దు చేసినా, పరిహారం ఆ 30 రోజులకే. అలాంటి ఒప్పందాన్ని కొనసాగించమని కోర్టు ఆదేశించదు కూడా. మన కుర్రాడి కాగితంలో ఆ వాక్యం ఉంటే, అతనికి దక్కేది ఒక నెల రీల్స్ రెండు, ఖర్చు పోను 48,000. బకాయి 2,10,000 కలిపి 2,58,000. ప్రవర్తన క్లాజు మీద ఎంత గొప్పగా వాదించినా ఈ గీత దాటడు. అందుకే కాగితం చేతికి రాగానే ప్రవర్తన క్లాజు కంటే ముందు ఈ ముగింపు క్లాజు చదవమంటాం.

అడ్వాన్సు వాపసు, పైగా 10 లక్షలు పరిహారం కట్టమంటున్నారు. కట్టాలా?

అడ్వాన్సుకు సరిపడా పని ఇచ్చేశారు కదా, వాపసుకు ఏమీ మిగలలేదు. ఉల్టా పరిహారం అంకె ఒప్పందంలో రాసి ఉన్నా, 74వ సెక్షన్ కింద వచ్చేది సహేతుకమైన పరిహారమే, రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. నష్టమే జరగని చోట ఇలాంటి మొత్తాన్ని ఉంచుకోవడం కుదరదని కైలాష్ నాథ్ కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. దుకాణం నష్టం చూపాలనుకుంటే తీయించిన హోర్డింగులు, వృథా అయిన ముద్రణ ఖర్చుల బిల్లులు చూపాలి. "మా పరువు పోయింది" అనే వాక్యం బిల్లు కాదు.

ఇన్వాయిసు ఇప్పుడు ఇవ్వాలా, గొడవ తేలాక ఇవ్వాలా?

మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఇప్పుడే ఇవ్వాలి. సేవ మధ్యలో ఆగిపోతే, ఆగిన నాటికి చేసినంత మేరకు ఇన్వాయిసు ఇవ్వాలన్నది నియమం. 2,10,000కు 18 శాతం జీఎస్టీ 37,800. బ్రాండు 10 శాతం టీడీఎస్ 21,000 మినహాయిస్తుంది. చేతికి రావాల్సింది 2,26,800. చిక్కేమిటంటే ఆ 37,800 బ్రాండు ఇచ్చినా ఇవ్వకపోయినా మీరు కట్టాల్సిందే. బ్రాండు వైపూ ఒక ముల్లు ఉంది: ఇన్వాయిసు తేదీ నుంచి 180 రోజుల్లో చెల్లించకపోతే, వాళ్లు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. దుకాణం ఆడిటరుకు ఈ సంగతి తెలుసు. లీగల్ నోటీసు కంటే ఆడిటరు ఫోను ముందు పనిచేసిన సందర్భాలు ఉంటాయి.

మీ పేరు మీద కట్టిన టీడీఎస్ వివరాలుండే ఆదాయపు పన్ను శాఖ పత్రం 26AS కూడా ఒకసారి తీసి చూడండి. టీడీఎస్ కట్టి మీ పేరు మీద చూపించి, డబ్బు మాత్రం ఇవ్వలేదంటే, ఆ మొత్తం మీకు బాకీ ఉన్నామని వాళ్లే తమ లెక్కల్లో రాసుకున్నట్టు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు మామూలు బిల్లు ఇస్తే సరి.

రద్దంటారు గానీ కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర నా బొమ్మతో హోర్డింగు ఇంకా ఉంది.

వెంటనే ఫొటో తీయండి, తేదీ, చోటు కనిపించేలా. వాళ్ల పేజీలో ఉన్న మీ రీల్స్ లింకులు, షాపు ముందు ఫ్లెక్సీ, పత్రికల ప్రకటనలు కూడా. మీ బొమ్మతో ఇప్పటికే ఉన్న సరుకు, ప్రకటనలు తీసేయడానికి ఒప్పందంలో 30 రోజులో 60 రోజులో గడువు రాసి ఉంటే అంతవరకు ఆగాలి. గడువు దాటాక లేదా గడువే లేకపోతే, మీ ముఖం వాడుకునే హక్కు వాళ్లకు లేదు. దీనికి ఇంకో ఉపయోగం ఉంది. మీ వల్ల బ్రాండుకు చెడ్డపేరు వచ్చిందంటూనే దసరా అమ్మకాలకు మీ ముఖాన్నే పెట్టుకుంటే, ఆ ఆరోపణకు విలువ ఉండదు.

ఉత్తరం వచ్చిన మొదటి వారంలో ఏం చేయాలి?

ముందు షూటింగు కోసం తీసుకున్న నగలు మీ దగ్గర ఏవైనా ఉంటే బరువు, వివరం రాసుకుని, సంతకంతో రసీదు తీసుకుని ఇచ్చేయండి. బకాయి ఇచ్చేదాకా నగలు ఇవ్వనని పట్టుకుంటే సివిల్ గొడవ పోలీసు కేసుగా మారుతుంది, నమ్మకద్రోహం ఫిర్యాదు వస్తుంది. ఆ ఫిర్యాదు ఎఫ్ఐఆర్ అయితే, ఇప్పటిదాకా లేని కారణాన్ని మీరే చేతికిచ్చినట్టు.

రెండోది, బ్రాండు మీద రీలు చేయకండి. "నన్ను మోసం చేశారు" అని లైవ్‌లోకి వెళ్లిన గంటలో బ్రాండును కించపరచకూడదన్న క్లాజు ఉల్లంఘన పూర్తవుతుంది. అది ఒప్పంద కాలంలో చేసిన పనే కాబట్టి దానికి పాత వీడియో లాంటి సాకు కూడా ఉండదు.

మూడోది, "పరస్పర అంగీకారంతో ముగిస్తున్నాం, ఇకపై ఎలాంటి బాకీలు లేవు" అనే కాగితం మీద బకాయి చేతికి రాకముందు సంతకం పెట్టకండి. వాట్సాప్‌లో "సరే అన్నా" అని కూడా పెట్టకండి.

ఆ తర్వాత జవాబు. రెండు పేజీలు దాటక్కర్లేదు. ఏ క్లాజు కింద రద్దు చేశారో, ఏ పని, ఏ తేదీ అని అడగండి. నోటీసు పద్ధతి పాటించలేదని చెప్పండి. మిగిలిన పనికి మీరు సిద్ధమేనని రాయండి, ఈ ఒక్క వాక్యం లేకపోతే మీరే ఒప్పందం వదిలేశారని తర్వాత వాదిస్తారు. బకాయి పట్టిక జతచేసి 15 రోజుల గడువు పెట్టండి. ఒప్పందంలో ఉన్న మెయిలుకూ, అక్నాలెడ్జ్‌మెంట్ ఉన్న స్పీడ్ పోస్టులోనూ పంపండి. పోలీసు విచారణ నడుస్తుంటే ఆ వీడియో గురించి వివరణ మాత్రం క్రిమినల్ లాయరు చూశాకే, ఎందుకంటే ఇక్కడ రాసింది అక్కడికీ చేరుతుంది.

చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్టు చేసి ఉంచండి, ఫోను మార్చకండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వాలంటే అసలు పరికరం మీ దగ్గరుంటే పని తేలిక.

జవాబు రాలేదు. ఎక్కడికి వెళ్లాలి?

గొడవను కోర్టు బదులు మధ్యవర్తి విని తీర్పివ్వాలనే ఆర్బిట్రేషన్ క్లాజు ఉంటే కోర్టు మధ్యవర్తి దగ్గరికే పంపుతుంది. "మధ్యవర్తిని బ్రాండు ఎండీ నియమిస్తాడు" అని ఉంటే భయపడకండి. ఫలితంతో సంబంధమున్న ఒక్క పక్షమే మధ్యవర్తిని నియమించడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో చెప్పింది. ఖర్చు మాత్రం ముందే చూసుకోండి: చట్టంలోని నమూనా పట్టికలో 5 లక్షల లోపు వివాదానికే మధ్యవర్తి ఫీజు 45,000. కాగితంలో ఆర్బిట్రేషన్ ముంబైలో అని ఉంటే, రెండు లక్షల బకాయిలో ఫీజుకూ ప్రయాణాలకే చాలా పోతుంది. అలాంటి చోట కొంత తగ్గించుకుని రాజీపడడం ఓటమి కాదు.

ఆర్బిట్రేషన్ లేకపోతే అంకె చూడాలి. 3 లక్షలు, ఆపైన అయితే వాణిజ్య వివాదం. అత్యవసర ఉత్తర్వు అడగనంత వరకు దావాకు ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర రాజీ కుదిర్చే మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి, వెళ్లకుండా వేసిన దావాను తిరస్కరిస్తారు. దీనికి మూడు నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో రెండు. మన ఉదాహరణలో 4,80,000 అడిగితే ఈ దారి, 30 రోజుల క్లాజు వల్ల 2,58,000కు తగ్గితే మామూలు సివిల్ కోర్టు.

ఒప్పందానికి ముందే చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకున్న ఇన్‌ఫ్లుయెన్సరుకు ఇంకో తలుపు ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలి. లేకపోతే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. గొడవ వచ్చాక రిజిస్ట్రేషన్ చేయించుకుని పాత బకాయికి ఇది వాడుకోవచ్చనుకోకండి.

దావాకు గడువు మూడేళ్లు. "90 రోజుల్లో అడగకపోతే హక్కు పోతుంది" అని ఒప్పందంలో ఉన్నా కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ప్రకారం ఆ మాట చెల్లదు.

డోపింగ్ పరీక్షలో పాజిటివ్ వస్తే?

"పాజిటివ్ వస్తే" అని రాసి ఉందా, "నిషేధం విధిస్తే" అని ఉందా అన్నదే తేడా. మొదట పరీక్షించే 'ఏ' శాంపిల్ ఫలితం వచ్చాక, సరిచూడడానికి విడిగా ఉంచిన 'బీ' శాంపిల్ పరీక్ష, విచారణ ఇంకా ఉంటాయి. ఏడాదిలో మూడుసార్లు ఎక్కడున్నారో తెలపడంలో విఫలమైనా అది డోపింగ్ ఉల్లంఘనే, మందు వాడకపోయినా. అనంతపురం అకాడమీల్లో అథ్లెటిక్స్ పిల్లలు సంతకం పెట్టే ముందు "తుది నిర్ణయం తర్వాత" అనే మాట చేర్పించుకోవాలి.

నేను దుకాణం యజమానిని. ఆ కుర్రాడి వల్ల నిజంగానే నష్టం. సరిగ్గా ఎలా తప్పుకోవాలి?

ముందు ప్రకటనలు ఆపండి, డబ్బు కాదు. హోర్డింగు కప్పేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, వాయిదా ఆపడానికి క్లాజు కావాలి. తర్వాత వీడియో లింకు, అది బయటికొచ్చిన తేదీ, షాపు పేజీ కింద వచ్చిన వ్యాఖ్యలు, రద్దయిన ఆర్డర్లు ఫైలులో పెట్టి, ఏ క్లాజో పేర్కొంటూ నోటీసు పంపండి. వివరణకు ఇచ్చిన గడువు పూర్తిగా ఆగండి. చేసిన పనికి బకాయి లెక్కకట్టి ఇచ్చేసి మిగతాది రద్దు చేయండి. ఆ 2,10,000 పట్టుకుంటే మీ బలమైన కేసు బలహీనమవుతుంది. 30 రోజుల నోటీసు క్లాజు ఉంటే ప్రవర్తన గొడవే ఎత్తకుండా దాంతో బయటపడడం చాలాసార్లు చవక. పత్రికలకు "అతని నేరాల వల్ల" అని ప్రకటన ఇవ్వకండి, కేసు తేలనప్పుడు అది పరువునష్టం దావాకు ఆహ్వానం.

కొత్త ఒప్పందంలో ఏం మార్పించుకోవాలి?

ఒక జిల్లా స్థాయి ఆటగాడు మొత్తం క్లాజు తీసేయమంటే ఏ బ్రాండూ ఒప్పుకోదు. నాలుగు మాటలు మాత్రం అడిగితే ఇస్తారు. "భావిస్తే" బదులు "సహేతుకంగా భావిస్తే". సంఘటన తెలిసిన 30 రోజుల్లోపే ఈ హక్కు వాడాలన్న గడువు. రద్దు తేదీ వరకు ఆమోదించిన పనికి 15 రోజుల్లో చెల్లింపు. బ్రాండు మీదే కల్తీ కేసో, హాల్‌మార్కు మోసం కేసో వస్తే అదే హక్కు ఎండార్సరుకూ ఉండడం. తప్పుదారి పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల చట్టం కింద ప్రచారకుడి మీదా 10 లక్షల వరకు జరిమానా పడుతుంది కాబట్టి ఈ చివరిది అడగడంలో మొహమాటం అక్కర్లేదు. పాత కొల్లాబ్‌ల జాబితాను అనుబంధంగా జతచేసి, ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి. బెట్టింగ్ యాప్ ఉంటే అదీ రాయాలి. రాస్తే ఒప్పందం పోతుందేమో, కానీ అప్పుడు పోయేది సంతకం ముందే.